కాగితం చూసి చదివినా మాట్లాడుతున్నట్టే వినిపించాలంటే: స్క్రిప్ట్‌లో ఊపిరి, విరామం, నొక్కు గుర్తులు పెట్టుకునే పద్ధతి

టెన్షన్‌లో ఉన్న మనిషి కాగితం చూసి చదువుతున్నప్పుడు వినేవాళ్లకు ఎక్కువ ఇబ్బంది కలిగించేది గొంతు వణుకు కాదు, వాక్యం చివర క్రియ వినిపించకపోవడం. తెలుగులో అసలు సంగతి చాలాసార్లు చివరి మాటలోనే ఉంటుంది. చేశామా, చేయలేదా, చేయాలా, చేయమని అడుగుతున్నామా అన్నది అక్కడే తేలుతుంది. కంగారులో ఉన్నవాళ్లకు సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. గొంతు సన్నబడి ‘లేదు’ అన్న మాట లోపలే ఉండిపోతుంది. వెంటనే తర్వాతి వాక్యం అందుకుంటారు. వినేవాళ్లకు ‘మేము ఆ పని చేయ...’ అన్నంతవరకే చేరుతుంది.

అందుకే నేను ఎవరి స్క్రిప్ట్ చూసినా ముందు ఊపిరి గుర్తులతో మొదలుపెడతాను. ఆ తర్వాత విరామాలు, అన్నిటికన్నా చివర నొక్కి చెప్పే మాటలు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందే ముఖ్యమైన మాటలన్నిటి కిందా గీతలు గీసుకుంటారు. ఊపిరి లేకుండా నొక్కి చెప్పబోతే అది అరుపులా వినిపిస్తుంది.

రెండు మూడు నిమిషాలు చదవాల్సిన స్క్రిప్ట్‌ను మనసులో పెట్టుకుని ఈ పద్ధతి చెబుతున్నాను. పొడవు పెరిగినా పని ఇదే, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

గుర్తులు ఐదు చాలు

పెన్సిల్‌తో వేయడానికి వీలుగా, వేదిక మీద వెలుతురు తక్కువున్నా కనిపించేలా ఉండాలి. నేను వాడేవి ఇవి.

/ అంటే గొంతు ఒక్క క్షణం ఆగుతుంది, కానీ ఊపిరి తీసుకోరు. స్వరం కూడా కిందికి దిగదు, చెప్పాల్సింది ఇంకా ఉందన్నట్టే నిలబడి ఉంటుంది.

✓ అంటే ఊపిరి తీసుకోవడం. సంగీతం పాడేవాళ్లు కూడా ఊపిరి చోట ఇలాంటి చిన్న గుర్తే వేసుకుంటారు.

// అంటే ఊపిరి తీసుకోవడంతో పాటు తల ఎత్తి ఎదుటివాళ్లను చూడడం.

నొక్కి చెప్పే మాట కింద గీత. ఇక్కడ గీత వేసి చూపించడం కుదరదు కాబట్టి ఆ మాటను [ ] మధ్య పెడుతున్నాను.

→ అంటే ఈ క్రియను మింగేయకుండా చివరిదాకా అదే బలంతో పలకాలని. ఇది అన్ని వాక్యాలకూ అక్కర్లేదు, జారిపోయే ప్రమాదం ఉన్నచోట మాత్రమే.

విరామాన్ని సెకన్లలో రాసుకోకండి. కంగారులో ఉన్నవాళ్లకు ఒక సెకను మౌనం కూడా చాలా పొడవుగా అనిపిస్తుంది, లోపల లెక్కపెట్టే వేగమూ పెరిగిపోతుంది. ‘రెండు సెకన్లు ఆగు’ అని రాసుకున్నా అర సెకనులోనే కదిలిపోతారు. ఒక పని చెప్పే గుర్తయితే మోసం చేయదు. ఊపిరి తీసుకోవడానికి, తల ఎత్తి ఒక మనిషి ముఖం చూసి మళ్లీ కాగితం మీదికి రావడానికి పట్టే సమయం కంగారులోనూ మరీ తగ్గిపోదు.

మొదటి అడుగు: గుర్తులు పెట్టేముందు వాక్యాన్ని నోటికి సరిపడేలా మార్చుకోవడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక గ్రంథాలయ సభ్యురాలు నిర్వాహక కమిటీ ముందు ఒక కోరిక చెప్పుకోవాలి. ఎక్కువమంది ముందు మాట్లాడే అలవాటు లేదు. ఇలా రాసుకుంది:

“అందరికీ నమస్కారం. మన గ్రంథాలయం ప్రస్తుతం సాయంత్రం 6 గంటలకు మూసివేయబడుతున్నందువల్ల, పగలంతా ఉద్యోగాలకు, కాలేజీలకు వెళ్లి వచ్చే సభ్యుల్లో చాలామంది పుస్తకాలు తీసుకునే అవకాశం లేక తమ సభ్యత్వాన్ని పునరుద్ధరించుకోవడం లేదు. కొత్త పుస్తకాలు కొనమని నేను అడగడం లేదు. వారంలో 2 రోజులు రాత్రి 8 గంటల వరకు తెరిచి ఉంచవలసిందిగా కోరుతున్నాను. ఆ సమయంలో కౌంటర్ వద్ద కూర్చొనుటకు ఐదుగురు సభ్యులు సంసిద్ధత వ్యక్తం చేశారు.”

రెండో వాక్యాన్ని ఒక ఊపిరిలో చదివి చూడండి. మామూలుగా ఉన్నప్పుడే కష్టం. ‘పునరుద్ధరించుకోవడం లేదు’ దగ్గరికి వచ్చేసరికి గొంతులో గాలి ఉండదు. ఇక్కడ ఎన్ని గుర్తులు పెట్టినా లాభం లేదు, ఎందుకంటే వాక్యంలో మధ్యలో ఎక్కడ ఆగినా అర్థం పూర్తి కాదు. ముందు దాన్ని విడగొట్టాలి.

విడగొట్టడానికి తేలికైన మార్గం ఒకటుంది. కాగితం పక్కన పెట్టి, విషయాన్ని ఎదురుగా ఉన్న మనిషికి మామూలుగా చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. ఎదురుగా నిజంగా ఒక మనిషి ఉంటే మరీ మంచిది. అలా చెప్పినప్పుడు ‘మూసివేయబడుతున్నందువల్ల’ అని ఎవరూ అనరు. ‘ఆరింటికే మూసేస్తున్నారు’ అంటారు. రికార్డింగ్ విని, మీ నోటినుంచి వచ్చిన మాటల్లోకే స్క్రిప్ట్‌ను మార్చుకోండి. ఆ రికార్డింగ్ చెరిపేయకండి, తర్వాత మళ్లీ పనికొస్తుంది.

మార్చిన తర్వాత ఇలా వచ్చింది:

“అందరికీ నమస్కారం. మన గ్రంథాలయం సాయంత్రం ఆరింటికి మూసేస్తున్నారు. పగలంతా ఉద్యోగాలకో కాలేజీలకో వెళ్లేవాళ్లు ఇక్కడికి వచ్చేసరికి తలుపులు మూసి ఉంటున్నాయి. అందుకే చాలామంది సభ్యత్వం మళ్లీ కట్టడం లేదు. కొత్త పుస్తకాలు కొనమని నేను అడగడం లేదు. వారంలో రెండు రోజులు, రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచమని అడుగుతున్నాను. ఆ సమయంలో కౌంటర్ దగ్గర కూర్చోవడానికి ఐదుగురు సభ్యులు సిద్ధంగా ఉన్నారు.”

అంకెలు అక్షరాల్లోకి మారడం గమనించండి. కాగితం మీద ‘8 గంటల వరకు’ అని ఉంటే కళ్లు ఒక క్షణం తడబడతాయి, అంకెను మాటగా మార్చుకోవాలి కదా. కంగారులో ఆ క్షణమే ‘అ... అ...’గా బయటికి వస్తుంది. నోటితో ఎలా అంటారో అలాగే రాసుకోండి. కష్టమైన పేర్లు ఉంటే వాటినీ ముక్కలుగా, మధ్యలో చుక్కలు పెట్టి రాసుకోవచ్చు.

రెండో అడుగు: కాగితం మీద పేర్చడం

పేరాగ్రాఫ్‌లా ఉన్న స్క్రిప్ట్‌లో గుర్తులు వేస్తే అవి అక్షరాల మధ్య కలిసిపోతాయి. ఒక ఊపిరికి ఒక వరుస చొప్పున విడివిడిగా రాయండి. అక్షరాలు పెద్దవిగా, కనీసం 16 పాయింట్ల సైజులో ఉండాలి. తెలుగులో వత్తులు, గుణింతాలు పైకీ కిందికీ వస్తాయి కాబట్టి వరుసల మధ్య రెట్టింపు ఖాళీ వదలాలి. గుర్తులకు కూడా అదే చోటు.

కాగితానికి ఒక వైపే రాయండి. అడుగున మూడో వంతు ఖాళీగా వదిలేయండి. చివరి వరుసల దాకా చూపు దిగితే తల కూడా వంగుతుంది, గొంతు నొక్కుకుపోయి మాట నేలను చూస్తూ వెళ్తుంది. ఒక వాక్యం సగం ఒక పేజీలో, సగం ఇంకో పేజీలో ఎప్పుడూ ఉండకూడదు. పేజీలకు నంబర్లు వేసుకోండి, పిన్ను కొట్టొద్దు. ఫోన్‌లో చూసి చదవక తప్పకపోతే స్క్రీన్ దానంతటదే ఆరిపోకుండా సెట్టింగ్ మార్చి, నోటిఫికేషన్లు ఆపేసుకోవాలి.

మూడో అడుగు: ఊపిరి

దీని మీద మిగతావాటికన్నా ఎక్కువ సమయం పెట్టండి.

కంగారు పడ్డప్పుడు ఊపిరి పైపైన, ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. భుజాలు లేస్తాయి. చిన్నచిన్నగా, త్వరత్వరగా గాలి పీల్చుకుంటారు గానీ పూర్తిగా వదలరు. దానివల్ల లోపల పాత గాలి ఉండగానే ‘గాలి చాలడం లేదు’ అనిపిస్తుంది. ఇంకా పీలుస్తారు, ఛాతీ ఇంకా బిగుసుకుంటుంది. ఇలాంటివాళ్లకు ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని చెప్పడం సరైన సలహా కాదు. నిండా పీల్చిన ఊపిరి మొదటి మాటను ఒక్కసారిగా తోసేస్తుంది, పదేపదే అలా చేస్తే తల తిరిగినట్టు కూడా ఉంటుంది. ✓ కనిపించినప్పుడు ముందు మిగిలిన గాలిని వదిలేయాలి. వదిలితే కొత్త గాలి దానంతటదే లోపలికి వస్తుంది, పొట్ట కొద్దిగా ముందుకు కదులుతుంది. అంతే చాలు.

✓ ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మామూలుగా ఊపిరి తీసుకుని, వేదిక మీద మాట్లాడేంత గట్టిగా ఒక వరుస చదవండి. చివరి క్రియ అయిపోయాక ఇంకో మూడు నాలుగు మాటలు అనగలిగేంత గాలి మిగలాలి. మిగలకపోతే ✓ ఇంకాస్త ముందే వచ్చేలా జరపాలి, లేదా వాక్యాన్ని విడగొట్టాలి. ఆ మిగులు ఎందుకంటే, అసలు రోజున మీకు ఇంట్లో ఉన్నంత ఊపిరి ఉండదు. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఎంత ఉంటుందో ముందే తెలుసుకోవాలంటే రెండు అంతస్తుల మెట్లు ఎక్కి వచ్చి, ఆయాసం తగ్గకముందే చదివి చూడండి. ఆ స్థితిలో ఏ వరుస తెగిపోతే ఆ వరుస సభలోనూ తెగిపోవచ్చు. గుండె జబ్బు, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లు మెట్ల జోలికి వెళ్లకుండా ఒక్కో వరుసలో మాటలు తగ్గించుకుంటే సరిపోతుంది.

ఊపిరికి మంచి చోట్లు: వాక్యం ముగిసినచోట, ‘వెళ్లి’, ‘చూసి’ లాంటి అసమాపక క్రియల తర్వాత, ‘వస్తే’, ‘అయితే’ లాంటి షరతు మాటల తర్వాత, ‘అని’ తర్వాత. ఇవన్నీ వినేవాళ్లు సహజంగా ఒక ముక్క పూర్తయిందనుకునే చోట్లు.

ఊపిరి అసలు పనికిరాని చోట్లూ ఉన్నాయి. ‘నిన్న వచ్చిన’ అని ఆగి ఊపిరి తీసుకుని ‘సభ్యులు’ అనకూడదు. ఎలాంటి సభ్యులో చెప్పే మాట, సభ్యులు అన్న మాట ఒకే ఊపిరిలో ఉండాలి. ‘ఐదుగురు’ తర్వాత, ‘కట్టడం’ తర్వాత కూడా అంతే. ‘కట్టడం’ అని ఆగి ‘లేదు’ అంటే, ఆ లేదు విడిగా పడిపోయి వేరే మాటలా వినిపిస్తుంది. ‘చేయాల్సి వచ్చింది’, ‘ఇచ్చేశారు’ లాంటి క్రియలను మధ్యలో ఎప్పుడూ కోయకూడదు.

ఇప్పుడు మొదట చెప్పిన రికార్డింగ్ మళ్లీ వినండి. మామూలుగా చెబుతున్నప్పుడు మీరు ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నారో గమనించి, కాగితం మీది ✓ గుర్తులతో పోల్చుకోండి. రెండింటికీ తేడా వచ్చినచోట నేను రికార్డింగ్‌నే నమ్ముతాను. వ్యాకరణం ఒప్పుకునే చోట్లు చాలా ఉంటాయి, మీ నోటికి అలవాటైన చోట్లు మాత్రం కొన్నే.

మర్చిపోకూడని ఊపిరి మొదటి మాటకు ముందుది. కాగితం మీద అన్నిటికన్నా పైన, ‘అందరికీ’ అన్న మాటకు ఎడమవైపు ఒక ✓ వేయండి. లేచి నిలబడగానే, ఊపిరి లేకుండానే మాట మొదలుపెట్టడం కంగారులో అందరూ చేసేదే. అలా మొదలైన ఆయాసం మూడు నాలుగు వాక్యాల దాకా వదలదు.

నాలుగో అడుగు: విరామాలు

ఊపిరి గుర్తులు పెట్టాక సగం విరామాలు వచ్చేసినట్టే. ఇక మిగిలింది వరుస మధ్యలో / ఎక్కడన్నది, వరుస చివర ఏ ✓ ను // గా మార్చాలన్నది.

/ పని ఏమిటంటే, దేని గురించి చెబుతున్నామో, ఏం చెబుతున్నామో విడదీయడం. ‘మన గ్రంథాలయం / సాయంత్రం ఆరింటికి మూసేస్తున్నారు’ అన్నప్పుడు గ్రంథాలయం గురించి ఏదో రాబోతోందని చెవికి తెలుస్తుంది. ఒక వరుసలో ఒక్క / ఉంటే చాలు, రెండుంటే ఎక్కువ. లేకపోయినా నష్టం లేదు.

/ దగ్గర జరిగే పొరపాటు స్వరాన్ని దింపేయడం. తెలుగులో మామూలు వాక్యం చివర స్వరం దిగుతుంది. ప్రతి / దగ్గరా అలా దించితే ప్రతి ముక్కా ఒక వాక్యంలా ముగిసిపోతుంది. పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు వినిపించడానికి అదే కారణం. రికార్డింగ్‌లో ఈ ధోరణి కనిపిస్తే / గుర్తులు సగం చెరిపేసి మళ్లీ చదవండి.

// మాత్రం పొదుపుగా వాడాలి. తల ఎత్తి చూడాల్సినంత పెద్ద విషయం వాక్యం చివర ఉన్నప్పుడే. రెండు నిమిషాల మాటలో నాలుగైదు చాలు. ఇందులో ఒక మెలకువ ఉంది: క్రియ పలికేశాక తల ఎత్తడం కాదు, చివరి రెండు మూడు మాటలు చూసి పెట్టుకుని, తల ఎత్తి, ఎదుటివాళ్లను చూస్తూ ఆ క్రియ పలకాలి. తల లేస్తే గొంతు తెరుచుకుంటుంది, క్రియ చివరిదాకా వినిపిస్తుంది. → గుర్తు పెట్టిన వరుసలన్నిటికీ దీన్ని అలవాటు చేసుకుంటే మేలు.

ముఖ్యమైన మాటకు ముందు ఆగాలా, తర్వాత ఆగాలా అని చాలామంది అడుగుతారు. ముందు ఆగితే ఎదురుచూపు పుడుతుంది, తర్వాత ఆగితే మాట మనసులో దిగుతుంది. కంగారుపడేవాళ్లకు నేను తర్వాత ఆగమనే చెబుతాను. ముందు ఆగడానికి చాలా నిబ్బరం కావాలి. అది లేకుండా ఆగితే వినేవాళ్లకు మాట మర్చిపోయినట్టు అనిపిస్తుంది, వాళ్ల ముఖాల్లో ఆ అనుమానం చూసి మాట్లాడేవాళ్లు నిజంగానే మర్చిపోతారు.

ఐదో అడుగు: నొక్కి చెప్పే మాటలు

ఒక ఊపిరికి ఒక మాట. అంతకు మించొద్దు. రెండు మాటలు సమానంగా నొక్కితే చెవి దేన్నీ పట్టుకోదు.

ఆ ఒక్క మాట ఏదో ఎలా తెలుస్తుంది? వరుసను ఒక ప్రశ్నకు జవాబు అనుకోండి. ఉదాహరణలోని ‘కొత్త పుస్తకాలు కొనమని నేను అడగడం లేదు’ తీసుకుని, నొక్కు మార్చి మార్చి చదవండి.

[కొత్త] పుస్తకాలు కొనమని నేను అడగడం లేదు. పాతవైతే ఫరవాలేదన్న అర్థం వస్తోంది.

కొత్త పుస్తకాలు కొనమని [నేను] అడగడం లేదు. అడుగుతున్నది వేరేవాళ్లు అన్నట్టుంది, ఎవరి మీదో నింద కూడా వినిపిస్తుంది.

కొత్త [పుస్తకాలు] కొనమని నేను అడగడం లేదు. పుస్తకాలు కాదు, ఇంకేదో అడగబోతోంది.

తర్వాతి వాక్యం రోజులు, వేళల గురించి కాబట్టి మనకు కావాల్సింది మూడోది. పుస్తకాలు కాదు, రెండు రోజులు. ఈ రెండు మాటలూ జంటగా నిలబడాలి. నొక్కు సరిగ్గా పడిందో లేదో తేల్చేది ఆ వాక్యం ఒక్కటే కాదు, దాని పక్క వాక్యం కూడా. అప్పటికే చెప్పేసిన విషయాన్ని మళ్లీ నొక్కాల్సిన పని లేదు, కొత్తగా వచ్చిన మాటనో పోటీగా నిలిచిన మాటనో నొక్కాలి. తెలుగులో అలాంటి మాట చాలాసార్లు క్రియకు కాస్త ముందే కూర్చుని ఉంటుంది, కాబట్టి వెతుకులాట అక్కడ మొదలుపెట్టవచ్చు.

‘మాత్రం’, ‘కూడా’ లాంటి మాటలు ఉంటే గీత వాటి కింద కాదు, వాటికి ముందున్న మాట కింద పడాలి. ‘రెండు రోజులు మాత్రం’ అన్నప్పుడు నొక్కాల్సింది ‘రెండు’ను. అలాగే మాట చివర ‘ఏ’ చేరి ఉంటే (ఆరింటికే, వీళ్లే) ఆ మాటకు బలం అప్పటికే ఉంది, గొంతుతో ఇంకా తోయక్కర్లేదు. బలం కోసమని కొత్తగా ‘ఏ’ చేర్చేటప్పుడు కూడా జాగ్రత్త. ‘ఐదుగురు సిద్ధంగా ఉన్నారు’ అంటే భరోసా, ‘ఐదుగురే సిద్ధంగా ఉన్నారు’ అంటే లోటు.

ఇక ఎలా నొక్కాలన్నది. అచ్చును సాగదీసి నొక్కకూడదు. మన భాషలో అచ్చు పొడవు మారితే మాటే మారిపోతుంది. ‘మరి’ సాగితే ‘మారి’ అవుతుంది, ‘పడు’ సాగితే ‘పాడు’ అవుతుంది. అర్థం మారని మాటల్లో కూడా సాగదీత కృత్రిమంగా ఉంటుంది. గొంతు పెంచడం కూడా సరికాదు, కంగారులో పెంచిన గొంతు కీచుగా వస్తుంది. ఆ మాట దగ్గర వేగం కొద్దిగా తగ్గించి, ప్రతి అక్షరాన్నీ విడిగా వినిపించేలా పలికి, స్వరాన్ని ఒక్క మెట్టు పైకి తీసుకెళితే చాలు. గొంతు బాగా వణికేవాళ్లకయితే వేగం తగ్గించడం ఒక్కటే చెబుతాను, స్వరం సంగతి వదిలేయమంటాను.

గుర్తులన్నీ పెట్టాక

✓ అందరికీ నమస్కారం. //

మన గ్రంథాలయం / సాయంత్రం [ఆరింటికి] మూసేస్తున్నారు. ✓

పగలంతా ఉద్యోగాలకో కాలేజీలకో వెళ్లేవాళ్లు ✓

ఇక్కడికి వచ్చేసరికి / తలుపులు [మూసి] ఉంటున్నాయి. ✓

అందుకే / చాలామంది [సభ్యత్వం] మళ్లీ కట్టడం లేదు → //

కొత్త [పుస్తకాలు] కొనమని నేను అడగడం లేదు → ✓

వారంలో [రెండు] రోజులు, / రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచమని అడుగుతున్నాను → //

ఆ సమయంలో కౌంటర్ దగ్గర కూర్చోవడానికి / [ఐదుగురు] సభ్యులు సిద్ధంగా ఉన్నారు. //

కొన్ని నిర్ణయాల వెనక కారణం చెప్పాలి. ‘వెళ్లేవాళ్లు’ తర్వాత వాక్యం పూర్తి కాలేదు, అయినా ✓ పెట్టాను. ఎవరి గురించో చెప్పడం అక్కడికి ముగిసింది, ఊపిరి తీసుకున్నా అర్థం తెగదు. మెట్లెక్కి వచ్చి చదివితే ఆ ఊపిరి లేకుండా ‘ఉంటున్నాయి’ దాకా చేరడం కష్టం. ‘కొత్త పుస్తకాలు’ వరుస చివర // పెట్టాలనిపిస్తుంది, పెద్ద మాటే కదా. పెట్టలేదు, ఎందుకంటే అక్కడ ఎక్కువసేపు ఆగితే పుస్తకాలకూ రెండు రోజులకూ ఉన్న జంట విడిపోతుంది. పెద్ద విరామాన్ని ‘అడుగుతున్నాను’ దగ్గర ఉంచాను, కమిటీ నిర్ణయించాల్సింది ఆ కోరిక మీదే. ‘నమస్కారం’ తర్వాతి // ఎదుటివాళ్లు తిరిగి నమస్కారం చెప్పడానికి. ఆ చోటు ఇవ్వకపోతే వాళ్ల నమస్కారం, మీ రెండో వాక్యం ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఏడెనిమిది వరుసల్లో నొక్కు మాటలు ఆరే ఉన్నాయి. నమస్కారం వరుసలో ఏమీ లేదు, ‘వెళ్లేవాళ్లు’ వరుసలోనూ లేదు. ఖాళీగా వదిలిన వరుసలు ఉండడం వల్లే గీత ఉన్న మాటకు విలువ వస్తుంది.

ఆరో అడుగు: చదివి, విని, చెరపడం

మొదటిసారి గుర్తులతో చదివితే యంత్రంలా వినిపిస్తుంది. అది మామూలే, కళ్లు మాటల్నీ గుర్తుల్నీ రెండింటినీ పట్టుకోవాలి కదా. రోజుకు రెండు మూడుసార్లు, నిలబడి, పూర్తి గొంతుతో చదవండి. గొణుక్కుంటూ చదివితే ఊపిరి లెక్క తప్పుతుంది.

రికార్డింగ్‌లో వినాల్సినవి మూడే. మొదటిది, ప్రతి వరుసలో చివరి క్రియ పూర్తిగా వినిపిస్తోందా? కాగితం చూడకుండా వినాలి, చూస్తూ వింటే మీ మనసే ఆ మాటను పూరించేస్తుంది. వీలైతే స్క్రిప్ట్ చదవని మనిషికి వినిపించి, ఏం అడిగారో చెప్పమనండి. రెండోది, ఊపిరి చప్పుడుగా ‘హుఁ’ అని వినిపిస్తోందా? వినిపిస్తే ✓ ఆలస్యంగా వస్తోందని అర్థం, గాలి పూర్తిగా అయిపోయాకే పీలుస్తున్నారు. దాన్ని ఇంకాస్త ముందే వచ్చేలా జరపండి. మూడోది, అన్ని విరామాలూ ఒకే పొడవులో ఉన్నాయా? ఉంటే // దగ్గర తల నిజంగా ఎత్తడం లేదు, కళ్లు కాగితం మీదే ఉన్నాయి.

వరుసగా రెండుసార్లు గుర్తు చూడకుండానే సరిగ్గా వచ్చినచోట ఆ గుర్తు చెరిపేయండి. / గుర్తులు ముందు పోతాయి, నొక్కు గీతల్లో కొన్ని పోతాయి. ✓ గుర్తులు మాత్రం ఒక్కటి కూడా చెరపొద్దని నా అభిప్రాయం. ఇంట్లో ఊపిరి దానంతటదే సరిపోతుంది, సభలో సరిపోదు. మిగిలిన గుర్తులతో శుభ్రమైన ప్రతి ఒకటి తయారుచేసి, చివరి రెండు సాధనలూ ఆ కాగితంతోనే చేయండి. పాత కాగితంలో ఏ మాట ఏ మూల ఉందో కళ్లకు అలవాటై ఉంటుంది, సభకు వెళ్లే ముందు కొత్త కాగితం చేతిలోకి వస్తే తడబాటు తప్పదు.

ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది

గుర్తులు భయాన్ని తీసేయవు. చేతులు వణకవచ్చు, నోరు ఎండిపోవచ్చు. కాగితం వణుకు కనిపిస్తుందనుకుంటే పోడియం మీద పెట్టి చదవండి, లేదా కింద ఒక గట్టి అట్ట పెట్టుకోండి. నత్తి ఉన్నవాళ్లకు ఊపిరి, విరామాల విషయంలో స్పీచ్ థెరపిస్ట్ చెప్పే పద్ధతి వేరుగా ఉండవచ్చు, వాళ్లు అదే పాటించాలి.

సభలో ఒక ✓ తప్పిపోయి మధ్యలో ఊపిరి అయిపోతే వాక్యాన్ని ఈడ్చుకుంటూ క్రియ దాకా వెళ్లొద్దు. దగ్గర్లో ఉన్న మాట పూర్తిచేసి, ఆగి, గాలి వదిలి, తీసుకుని, ఆ ముక్క మొదటినుంచి మళ్లీ చెప్పండి. ‘చాలామంది సభ్యత్వం...’ అని ఆగి, ఊపిరి తీసుకుని, ‘చాలామంది సభ్యత్వం మళ్లీ కట్టడం లేదు’ అంటే వినేవాళ్లకు అది నొక్కి చెప్పినట్టే ఉంటుంది. క్షమాపణ అడగక్కర్లేదు. చదువుతున్నంతసేపూ ఎడమచేతి బొటనవేలిని ఆ వరుస పక్కనే కదుపుతూ ఉంటే, తల ఎత్తి దించినప్పుడు ఏ వరుసలో ఉన్నారో వెతుక్కోవాల్సిన పని కూడా ఉండదు.